ఎవిడెన్స్ రివిజన్: నలుగురం, పన్నెండు సాయంత్రాలు, ప్రాబ్లం ప్రశ్నల్లోనే మార్కులు పోతున్నయి

కోయిల్‌సాగర్

మహబూబ్‌నగర్‌ల నలుగురం కలిసి చదువుకుంటున్నం. ఫైనల్ ఎగ్జామ్‌కు పన్నెండు రోజులున్నయి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాంకనే కుదురుతది, ఆ తర్వాత ఒకరు జడ్చర్ల బస్సు, ఒకరు దేవరకద్ర బస్సు పట్టాలె.

ఇప్పటిదాంక సాక్ష్య చట్టాన్ని నాలుగు ముక్కలు చేసుకుని, ఎవరి ముక్క వాళ్లు మిగతా ముగ్గురికి చెప్తున్నం. వ్యాసం ప్రశ్నలు మంచిగనే రాస్తున్నం. ప్రాబ్లం ప్రశ్న రాగానే నలుగురికి నాలుగు జవాబులు వస్తున్నయి. ముఖ్యంగా 'ముద్దాయి పోలీసులకు ఇట్ల చెప్పిండు, తర్వాత ఆయుధం దొరికింది, ఈ మాటలు సాక్ష్యంగా చెల్లుతయా' అన్న రకం. రోజుకు రెండున్నర గంటలు ఎట్ల వాడుకోవాలె? తెలిసినోళ్లు చెప్పండి.

పాలమూరు_జొన్న

నాలుగు ముక్కల పద్ధతే కరెక్ట్ అన్నా, మార్చకండి. పన్నెండు రోజుల్లో అందరూ అన్నీ చదవలేరు. మీరు అడిగిన ప్రశ్నకైతే జవాబు ఒక్క ముక్కలో ఉంది. పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు చెల్లదు, కానీ దాని వల్ల వస్తువు దొరికితే సెక్షన్ 27 కింద ఆ ఒప్పుకోలు చెల్లుతుంది. ఇంతే రాయండి, మార్కులు పడతాయి.

పానగల్లు_గట్టు

జొన్న గారు చెప్పినదాంట్లో సగం ఉంది. మిగతా సగంలోనే మార్కులు పోతున్నాయి. రెండు తప్పులు చెప్తాను.

ఒకటి నంబరు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. పాత సాక్ష్య చట్టంలోని 27 ఇప్పుడు సెక్షన్ 23కి ప్రొవైజోగా, అంటే మినహాయింపుగా కూర్చుంది. కొత్త చట్టంలో 27 అంటే పాత 33, అంటే ఇంకో విచారణలో ఇదివరకే ఇచ్చిన సాక్ష్యం సంగతి. కొత్త చట్టం పేరు రాసి పక్కన 27 అని వేస్తే, దిద్దేవాళ్లకు మీరు వేరే సెక్షనే రాసినట్టు కనపడుతుంది.

రెండోది అంతకన్నా పెద్దది. వస్తువు దొరికితే ఒప్పుకోలు మొత్తం చెల్లదు. దొరికిన విషయానికి నేరుగా ముడిపడిన మాటలు మాత్రమే లోపలికి వస్తాయి. మిగతావి ఎంత నిజమైనా బయటే. కాబట్టి 'ఒప్పుకోలు చెల్లుతుందా' అన్న ప్రశ్నకు అవును, కాదు అని జవాబు లేదు. ఏ వాక్యం చెల్లుతుంది, ఏది చెల్లదు అని విడదీయాలి. మీ నలుగురికీ నాలుగు జవాబులు రావడానికి కారణం ఇదే, వాంగ్మూలం మొత్తాన్ని ఒకే ముద్దగా చూస్తున్నారు.

నాలుగు ముక్కల పద్ధతి ఇక్కడే దెబ్బతింటుంది. ఇలాంటి ఒక్క ప్రాబ్లంలో ఒప్పుకోలు వస్తుంది, ముద్దాయి ప్రవర్తన వస్తుంది, తోటి ముద్దాయి వస్తాడు, వీడియో ఉంటే ఎలక్ట్రానిక్ రికార్డు వస్తుంది. ఇవి నలుగురి ముక్కల్లో చెదిరి ఉంటాయి. పరీక్ష హాల్లో పక్క ముక్క వాళ్లు ఉండరు.

నా సలహా, చట్టాన్ని పంచుకోవద్దు, కుర్చీలు పంచుకోండి. రోజుకు ఒక్కటే ప్రాబ్లం తీసుకోండి. ఒకరు ప్రాసిక్యూషన్, ఒకరు డిఫెన్స్, ఒకరు జడ్జి, నాలుగో మనిషి బేర్ యాక్ట్ పట్టుకుని కూర్చోవాలి. రోజూ కుడివైపుకు ఒక కుర్చీ జరగండి. నాలుగు సాయంత్రాలకు ఒక చుట్టు, పన్నెండుకు మూడు చుట్లు. ఎవరూ ఒకే పక్షం అలవాటు చేసుకోరు.

కోయిల్‌సాగర్

అక్కా, బేర్ యాక్ట్ పట్టుకునే మనిషికి పనేంది? ఖాళీగా కూసున్నట్టే గదా.

పానగల్లు_గట్టు

ఆ కుర్చీయే కష్టం. వాళ్లు అభిప్రాయం చెప్పకూడదు, అచ్చులో ఉన్న మాట చదవడమే వాళ్ల పని. డిఫెన్స్ 'కస్టడీలో చెప్పాడు కాబట్టి చెల్లదు' అనగానే వాళ్లు 23(2) చదువుతారు. అందులో 'మేజిస్ట్రేటు ప్రత్యక్షంగా ఉన్నప్పుడు తప్ప' అన్న మాట ఉందని అప్పుడు అందరికీ తెలుస్తుంది. ఎవరైనా చట్టంలో లేని మాట వాడితే ఆపి 'ఇది సెక్షన్లో లేదు' అనాలి. గైడు పుస్తకాల నుంచి వచ్చిన తప్పు మాటలు అలాగే రాలిపోతాయి.

రెండున్నర గంటలను ఇలా విడదీసుకోండి. మొదటి పదిహేను నిమిషాలు పుస్తకాలు మూసి, నలుగురూ ప్రాబ్లం చదివి ఎవరి కాగితం మీద వాళ్లు వాక్యాలకు నంబర్లు వేయాలి, ప్రతి నంబరు ఎదురుగా 'లోపల' లేక 'బయట' అని రాయాలి. ఇది మాట్లాడుకోకుండా చేయాలి, లేకపోతే గట్టిగా మాట్లాడే మనిషి జవాబే అందరిదీ అయిపోతుంది. తర్వాత యాభై నిమిషాలు వాదన, పది నిమిషాలు జడ్జి నిర్ణయం. జడ్జి ప్రతి వాక్యానికీ ఒక్క కారణం చెప్పాలి. పది నిమిషాలు టీ. ఆ తర్వాత ముప్పై నిమిషాలు నలుగురూ పూర్తి జవాబు రాయాలి, చూడకుండా. ఇరవై నిమిషాలు కాగితాలు మార్చుకుని ఎర్ర పెన్నుతో దిద్దాలి. చివరి పదిహేను నిమిషాలు తప్పుల పుస్తకానికి.

రాసే ముప్పై నిమిషాలను మాత్రం వాదనకు తినిపించకండి. వాదన రుచిగా ఉంటుంది, సాగుతుంది. గంటన్నర వాదించి రాయకుండా లేస్తే పరీక్షలో చేయి కదలదు.

మూసీ_ఒడ్డు

నేను సూర్యాపేట వైపు. ఇది చూసి అడుగుతున్న. మా బాబాయి మీద కేసు ఉంది, ఆయన దగ్గర బండి దొరికిందని పంచనామా రాసిండ్రు. పంచుల్లో ఒకాయన ఇప్పుడు నాకేం తెల్వదు అంటున్నడు. బండి దొరికిన సాక్ష్యం పోయినట్టేనా? కేసు కొట్టేస్తరా?

పానగల్లు_గట్టు

మీ కేసుకు మీ వకీలునే అడగండి, కాగితాలు చూడకుండా ఇక్కడ ఎవరూ చెప్పకూడదు. ఇక్కడ నడుస్తున్నది పరీక్ష చదువు. అయితే మీ ప్రశ్నలో విద్యార్థులకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. పంచు ఎదురు తిరిగినంత మాత్రాన రికవరీ దానంతట అది పడిపోదు. దర్యాప్తు అధికారి సాక్ష్యం నమ్మదగ్గదిగా ఉంటే దాని మీద కూడా ఆధారపడవచ్చని కోర్టులు చెప్పాయి. పంచు సాక్ష్యం లేకపోతే ఆ బరువంతా అధికారి మీద పడుతుంది, క్రాస్‌లో అతను నిలబడాలి. ప్రాబ్లంలో 'పంచులు హోస్టైల్ అయ్యారు' అని ఉంటే, రికవరీ కొట్టివేత అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

క్లాక్‌టవర్_సందు

గట్టు గారూ, పద్ధతి బాగుంది కానీ ఒక్క ప్రాబ్లం మొత్తం చేసి చూపిస్తే వాళ్లకు దారి దొరుకుతుంది. కుర్చీలు పంచుకోమంటే పంచుకుంటారు, యాభై నిమిషాలు ఏం వాదించాలో తెలియక పావుగంటకే ఆగిపోతారు.

పానగల్లు_గట్టు

నిజమే. మొదటి సాయంత్రానికి ఇది వాడుకోండి. పేర్లు, ఊరు అన్నీ కల్పించినవే.

*యాదయ్య తన బాయికాడ గొడ్డలి దెబ్బలతో చనిపోయి ఉన్నాడు. పోలీసులు మల్లేశ్‌ను అదుపులోకి తీసుకున్నారు. మల్లేశ్ ఇద్దరు పంచుల ముందు ఎస్సైతో ఇలా అన్నాడు: 'ఆదివారం రాత్రి నేనూ మా తమ్ముడు నరేశ్ కలిసి యాదయ్యను నరికినం. నరికిన గొడ్డలిని మా చెల్క కాడి గడ్డివాములో దాచిన. నా నెత్తుటి అంగీని వాగులో కాలవెట్టిన. వస్తే గొడ్డలి చూపిస్త.' అతను దారి చూపించగా గడ్డివాములోంచి గొడ్డలి బయటపడింది. అంగీ బూడిద కూడా దొరకలేదు. అన్నదమ్ములిద్దరినీ కలిపి విచారిస్తున్నారు. ఏ మాటలు చెల్లుతాయి?*

మొదటి వాక్యం బయటే. పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు కాబట్టి 23(1), కస్టడీలో చెప్పింది కాబట్టి 23(2). పంచులు పక్కన ఉన్నారన్నది దీన్ని కాపాడదు. పంచులు మేజిస్ట్రేటు కాదు. ఎక్కువమంది ఇక్కడే జారతారు, 'స్వతంత్ర సాక్షుల ముందు చెప్పాడు కదా' అని.

రెండో వాక్యాన్ని రెండుగా కోయాలి. 'గొడ్డలిని మా చెల్క కాడి గడ్డివాములో దాచిన' లోపలికి వస్తుంది. 'నరికిన' అన్న ఒక్క మాట బయటికి పోవాలి. అది గొడ్డలి ఎక్కడుందో చెప్పదు, దానితో ఏం జరిగిందో చెబుతుంది. గడ్డివాములో బయటపడింది గొడ్డలి, అది అక్కడ ఉందన్న సంగతి, ఆ సంగతి మల్లేశ్‌కు తెలుసన్నది. యాదయ్య చావు గడ్డివాములో దొరకలేదు.

మూడో వాక్యం పూర్తిగా బయట. దాని వల్ల ఏదీ దొరకలేదు. నాలుగోది లోపల.

ఈ కోత పద్ధతి నా సొంతం కాదు. పులుకూరి కోటయ్య కేసులో ప్రివీ కౌన్సిల్ చేసిన పని ఇదే. ఏఐఆర్ 1947 ప్రివీ కౌన్సిల్ 67. మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసు. అందులో కూడా వాంగ్మూలం పెద్దదే, ఎవరెవరు కాపు కాశారు, ఎవరిని కొట్టారు అన్నీ ఉన్నాయి. చివరికి మిగిలింది, బల్లెం, తన కర్ర ఫలానా ఆయన గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను అన్న మాటలే. కేసు పేరు ఒక్కటే బట్టీ పట్టకుండా, ఏ మాటలు తీసేశారు, ఏ మాటలు ఉంచారు అని చూసుకుంటే ఈ రకం ప్రాబ్లం ఏది వచ్చినా చేతిలో కత్తెర ఉన్నట్టే.

కోయిల్‌సాగర్

అక్కా, ఈ రోజు సాయంత్రం చేసినం. ముందుగాల నిశ్శబ్దంగా రాసిన కాగితాలు చూస్తే ఇద్దరు రెండో వాక్యం మొత్తం లోపల అని రాసిండ్రు, ఒకరు మొత్తం బయట. ఒక్కరే కోసిండ్రు. కానీ వాదనల రెండు కాడ ఆగిపోయినం.

ఒకటి, ప్రాసిక్యూషన్ కుర్చీల ఉన్నాయన 'అన్నదమ్ములిద్దరినీ కలిపి విచారిస్తున్నరు కాబట్టి సెక్షన్ 24 కింద మల్లేశ్ మాట నరేశ్ మీద కూడా వాడొచ్చు' అన్నడు. జడ్జి ఒప్పుకున్నడు. నాకు ఎందుకో తప్పనిపిస్తుంది, చెప్పరాలే.

రెండు, గొడ్డలి దొరికింది కాబట్టి హత్య రుజువైనట్టే అని ఒకరు రాసిండ్రు.

పానగల్లు_గట్టు

మీకనిపించింది సరైనదే. 24, అంటే పాత 30, 'రుజువైన' ఒప్పుకోలు గురించి మాట్లాడుతుంది. మల్లేశ్ ఒప్పుకోలును రుజువు చేయనివ్వమని 23 ముందే తలుపు మూసింది. మల్లేశ్ మీదే రుజువు చేయలేని మాట నరేశ్ మీదికి ఎలా వెళ్తుంది? అదే ఒప్పుకోలు మేజిస్ట్రేటు ముందు, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 183 ప్రకారం రికార్డయి ఉంటే అప్పుడు 24 గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా అది నరేశ్ మీద సొంతంగా నిలబడే సాక్ష్యం కాదు, వేరే సాక్ష్యానికి ఊతం మాత్రమే. మిగిలిన గొడ్డలి మాట నరేశ్ గురించి ఏమీ చెప్పడం లేదు.

రెండోది మీ జడ్జి కుర్చీ నేర్చుకోవాల్సిన పాఠం. చెల్లడం వేరు, బరువు వేరు. గొడ్డలి ఎక్కడుందో మల్లేశ్‌కు తెలుసని రుజువైంది, అంతవరకే. ఆ గొడ్డలే యాదయ్యకు తగిలిందని చెప్పడానికి మనిషి నెత్తురు ఉందా అన్న ల్యాబు రిపోర్టు కావాలి, గాయాలు ఇలాంటి ఆయుధంతోనే అయ్యాయని డాక్టరు చెప్పాలి. గడ్డివాము ఎవరిది, దాని దగ్గరికి ఎవరెవరు పోగలరు అన్నది కూడా చూడాలి.

దీనికి మహమ్మద్ ఇనాయతుల్లా కేసు చదవండి, సుప్రీంకోర్టు, 1976. బొంబాయిలో రసాయనం డ్రమ్ములు. ముద్దాయి 'ఫలానా రేవు నుంచి ఫలానా తేదీన తీసుకొచ్చిన డ్రమ్ములు పెట్టిన చోటు చెప్తాను' అన్నాడు. తీసుకొచ్చిన అన్న ముక్కను కోర్టు కోసేసింది. డ్రమ్ములు దొరికింది ముసాఫిర్‌ఖానా ఆవరణలో, ఎవరైనా వెళ్లగలిగే చోటు. మాట చెల్లింది, కానీ అది దొంగతనాన్ని రుజువు చేయడానికి సరిపోలేదు, ముద్దాయి బయటపడ్డాడు. మీ జడ్జి ప్రతి సాయంత్రం రెండు విడి కాగితాల మీద రాయాలి. ఒకదానిపై ఏది లోపలికి వచ్చింది, రెండోదానిపై వచ్చినదాని వల్ల ఏం తేలింది.

పాలమూరు_జొన్న

నా మొదటి పోస్టు తప్పని ఒప్పుకుంటున్నా, నంబరు కూడా. ఒక అనుమానం. ఇంతకుముందే కానిస్టేబుల్ ఆ గడ్డివాములో గొడ్డలి చూసి ఉంటే? అప్పుడు ముద్దాయి చూపించినా లాభం లేదు కదా?

పానగల్లు_గట్టు

మంచి మెలిక, రెండో సాయంత్రం ప్రాబ్లంలో ఇదే కలపండి. ముందే తెలిసినదాన్ని మళ్లీ కనుక్కోవడం ఉండదు, కాబట్టి ఆ సమాచారం 'వల్ల' బయటపడిందని అనలేం. ప్రొవైజో పోతుంది, దాంతో మాటలూ పోతాయి.

అయితే డిఫెన్స్ అక్కడే కూర్చోకూడదు. అతను ముందు నడిచి చోటు చూపించాడన్న పని ఒకటి మిగిలి ఉంది. అది ప్రవర్తన, సెక్షన్ 6, పాత 8. ప్రకాశ్ చంద్ కేసులో, 1979, సుప్రీంకోర్టు అన్నది ఏంటంటే, చోటు చూపించిన పని ప్రవర్తనగా చెల్లుతుంది, ఆ సమయంలో అన్న మాట పాత 27 కిందికి వచ్చినా రాకపోయినా. కానీ అందరికీ ముందే తెలిసిన చోటు చూపించడంలో బరువెంత అని డిఫెన్స్ నిలదీయాలి. ప్రాసిక్యూషన్ కుర్చీకి పని ఎక్కువయ్యేది ఈ మెలిక వల్లే, మాట పోయినా పని నిలుస్తుందని తెలిస్తే రాసే జవాబు అరపేజీ పెరుగుతుంది.

చెల్క_దారి

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది గట్టు గారూ. మీరు కోటయ్య కేసును నేరుగా కొత్త సెక్షన్ మీద పెడుతున్నారు. పాత చట్టంలో 27 విడి సెక్షన్, 25కీ 26కీ రెండింటికీ మినహాయింపుగా చదివారు. కొత్త చట్టంలో అది 23(2) కింద ప్రొవైజోగా ఉంది. 23(1) కింద ఏ ప్రొవైజో లేదు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివితే, పోలీసు అధికారికి చెప్పిన మాట మీద నిషేధం అలాగే ఉంది, గొడ్డలి దొరికినా సరే. మీ బేర్ యాక్ట్ కుర్చీ ఈ మాట పట్టుకోవాలి కదా?

పానగల్లు_గట్టు

పట్టుకోవాల్సిందే, మీరు చెప్పింది నిజమైన చిక్కు. నేను మరోవైపు చదువుతాను. ప్రొవైజో మాటల్లో 'పోలీసు అధికారి కస్టడీలో ఉన్న ముద్దాయి నుంచి వచ్చిన సమాచారం' అని ఉంది, 'అది ఒప్పుకోలైనా కాకపోయినా' అని ఉంది. కస్టడీలో ఉన్న మనిషి నుంచి సమాచారం అందుకునేది మామూలుగా పోలీసు అధికారే. 23(1) అలాగే అడ్డంగా నిలబడితే ఆ ప్రొవైజోకు మిగిలే పని చాలా తక్కువ.

చెల్క_దారి

తక్కువే కానీ సున్నా కాదు. కస్టడీలో ఉండి డాక్టరుకో పక్క ఖైదీకో చెప్పిన మాటలకు 23(2) ఒక్కటే వర్తిస్తుంది. ప్రొవైజోకు అక్కడ పని దొరుకుతుంది. పార్లమెంటు కావాలనే అలా పెట్టిందని డిఫెన్స్ వాదించవచ్చు.

పానగల్లు_గట్టు

వాదించవచ్చు, నేను ఒప్పుకోను, కానీ తీసిపారేయను. విద్యార్థులకు చెప్పేదేమంటే, జవాబులో మూడు వాక్యాలు దీనికి ఇవ్వండి. ప్రొవైజో 23(2) కింద ఉంది, దాన్ని 23(1)కి కూడా వర్తింపజేయాలని ఒక చదువు, కూడదని ఇంకో చదువు, నేను మొదటిదాని మీద ముందుకు పోతున్నాను, ఎందుకంటే ఇది. అక్కడితో ఆపి వాక్యాల కోతకు వెళ్లిపోండి. ఈ గొడవ మీదే రెండు పేజీలు రాస్తే అసలు ప్రశ్నకు టైం ఉండదు.

కోయిల్‌సాగర్

ఈ ముక్క మీద మా దగ్గర రాత్రి బస్టాండు దాంక కొట్లాట అయింది. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. ఇంకొకటి అడుగుత. ఇప్పుడు సోదా, జప్తు అన్నీ వీడియో తీయాలంటున్నరు గదా. ఆ వీడియోల మల్లేశ్ 'నేనే నరికిన' అన్నది వినపడితే? కండ్లముందర కనపడుతుంది గదా, అప్పుడన్న చెల్లుతదా?

పానగల్లు_గట్టు

చెల్లదు. వీడియో తీయమన్నది నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105. అది సోదా ఎలా జరిగిందో చూపడానికి. 23 చెప్పేది ఆ ఒప్పుకోలును రుజువు చేయకూడదని. ఎస్సై నోటితో చెప్పినా, కాగితం మీద రాసినా, ఫోనులో రికార్డయినా అదే ఒప్పుకోలు. కాబట్టి వీడియోను కూడా వాక్యాలుగా కోయాలి. గొడ్డలి తీసిన దృశ్యం, 'దాచిన, చూపిస్త' అన్న మాట ఉంటాయి, 'నరికిన' అన్నచోట డిఫెన్స్ లేవాలి.

ఆ వీడియో ఎలక్ట్రానిక్ రికార్డుగా రావాలంటే దానికి విడిగా సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. పాత 65-బి అని రాసే అలవాటు వదిలించుకోండి, కొత్త 65 సంతకం, చేతిరాత రుజువు గురించి. కొత్త చట్టం చివర ఉన్న షెడ్యూల్లో సర్టిఫికెట్ నమూనా ఉంది, రెండు భాగాలు. ఒకటి దాఖలు చేసేవాళ్లది, రెండోది నిపుణుడిది, హాష్ విలువ కూడా నింపాలి. గైడ్లలో పాత ఒక్క భాగం సర్టిఫికెట్టే ఉంటే అక్కడ గీత కొట్టుకోండి.

క్లాక్‌టవర్_సందు

తప్పుల పుస్తకం గురించి ఒక మాట. నల్లగొండలో ఇలా చదివే గుంపులకు నేను చెప్పేది, నలుగురికీ కలిపి ఒకే పుస్తకం పెట్టమని. నాలుగు పుస్తకాలు పెడితే చివరి వారం ఎవరూ చూడరు. ఒక తప్పుకు ఒకటే వరస. ఎడమ వైపు మీరు రాసిన తప్పు, కుడి వైపు సరైనది సెక్షన్‌తో. 'పంచుల ముందు చెప్తే చెల్లుతుంది' ఎదురుగా '23(2), మేజిస్ట్రేటు మాత్రమే'. ఒకే తప్పు రెండోసారి వస్తే పక్కన చుక్క పెట్టాలి. మూడు చుక్కలు పడ్డ వరస మీద మర్నాడు ప్రాబ్లం తయారుచేయాలి, అది కూడా ఆ తప్పు చేసిన మనిషే తయారుచేయాలి. ప్రశ్న తయారుచేయాలంటే ఎక్కడ మెలిక పెట్టాలో వెతకాలి, అప్పుడు తను జారిన చోటు తనకే దొరుకుతుంది.

పాత-కొత్త నంబర్లకు కూడా ఆఖరి పేజీ ఒకటి చాలు. అన్నీ రాయకండి. ప్రాబ్లంలలో తిరిగేవి మాత్రం, పాత 32 ఇప్పుడు 26, 45 ఇప్పుడు 39, 106 ఇప్పుడు 109, 114 ఇప్పుడు 119, 154 ఇప్పుడు 157, ఇలాంటివి.

మూసీ_ఒడ్డు

వకీలును అడిగిన, గట్టు గారు చెప్పినట్టే అధికారి సాక్ష్యం ఇంకా ఉందన్నడు. ఒక చిన్న సంగతి, ఆ కేసు 2023ది. దానికి కొత్త చట్టమా పాతదా?

పానగల్లు_గట్టు

2024 జులై 1కి ముందే దర్యాప్తో విచారణో నడుస్తూ ఉంటే పాత సాక్ష్య చట్టమే, కొత్త చట్టం సెక్షన్ 170 చెప్పేది అదే. విద్యార్థులూ, ప్రాబ్లంలో తేదీ ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. నిశ్శబ్దంగా చదివే పదిహేను నిమిషాల్లో మొదట తేదీ కింద గీత పెట్టండి, ఆ తర్వాతే వాక్యాలకు నంబర్లు.

కోయిల్‌సాగర్

నాలుగో రోజు అయింది, ఒక చుట్టు పూర్తి. రాసిన జవాబులు దిద్దుకుంటే కోత ఇప్పుడు నలుగురం చేస్తున్నం. కొత్త ఇబ్బంది ఏందంటే, టైం. ముప్పై నిమిషాలల్ల ముగ్గురం మూడో వాక్యం దాంకనే వస్తున్నం.

పానగల్లు_గట్టు

మొదటి పేజీ చూస్తే కారణం దొరుకుతుంది. ప్రాబ్లంలోని కథనంతా మళ్లీ రాస్తున్నారా? ఎక్కువమంది చేసేది అదే, యాదయ్య ఎవరు, గొడ్డలి ఎక్కడ అని అరపేజీ పోతుంది. ప్రశ్న ఇచ్చినాయనకు కథ తెలుసు. మొదటి వాక్యమే 'మల్లేశ్ చెప్పిన నాలుగు మాటల్లో ఏవి చెల్లుతాయన్నది ప్రశ్న' అని పెట్టండి. తర్వాత ఒక పేరా సెక్షన్ 23. తర్వాత ఒక్కో వాక్యానికి మూడు నాలుగు లైన్లు. తర్వాత కోటయ్య కేసు, అది కూడా ఏ మాట ఉంచారు, ఏ మాట తీశారు అన్నంతవరకే. చివరి రెండు లైన్లలో బరువు.

రెండో చుట్టుకు విషయం మార్చండి. మరణ వాంగ్మూలం, పత్రాలు, ఎలక్ట్రానిక్ రికార్డు. మూడో చుట్టుకు రుజువు భారం, ఊహలు, సాక్షుల విచారణ. రెండో చుట్టు మొదటి సాయంత్రానికి పాకాల నారాయణస్వామి కేసు నుంచి ప్రాబ్లం తయారుచేసుకోండి, ప్రివీ కౌన్సిల్, 1939. పిఠాపురం మనిషి, బరంపురం పోతున్నానని భార్యకు చెప్పి బయల్దేరాడు, బాకీ డబ్బు తీసుకోవడానికి రమ్మని ఉత్తరం వచ్చిందన్నాడు. 1937 మార్చిలో పూరీలో రైల్లో దొరికిన పెట్టెలో శవమై తేలాడు. బయల్దేరేటప్పుడు అతని మీద ఇంకా ఎవరూ చేయి వేయలేదు. మరి భార్యతో అన్న మాట చావుకు దారి తీసిన పరిస్థితుల కిందికి వస్తుందా? కుర్చీలు మారాయి కాబట్టి, మొదటి చుట్టులో చివరిసారి బేర్ యాక్ట్ పట్టుకున్న మనిషే ఈసారి ప్రాసిక్యూషన్.

చెల్క_దారి

ఆ కేసులో ఒప్పుకోలు అంటే ఏమిటన్న ముక్క కూడా ఉంది, మరిచిపోకండి. నేరాన్ని ఒప్పుకోకుండా, తన మీదికి వచ్చే ఒక విషయం మాత్రమే ఒప్పుకుంటే అది ఒప్పుకోలు కాదన్నారు. మల్లేశ్ 'ఆ రాత్రి నేను చెల్క కాడే ఉన్న' అని మాత్రమే అని ఉంటే 23 అడ్డొస్తుందా అని మొదటి చుట్టు ప్రాబ్లంకే తిరిగి వెళ్లి చూడండి.

కోయిల్‌సాగర్

23 ఒప్పుకోలు గురించే గదా మాట్లాడుతది. గిది ఒప్పుకోలే కాకపోతే 23 అడ్డు రాకూడదు. కానీ దర్యాప్తుల పోలీసులకు చెప్పిన మాటల మీద సురక్షా సంహితల ఇంకో నిషేధం ఉంది గదా, అది ఇక్కడ తగులుతదా? రేపు బేర్ యాక్ట్ కుర్చీ నాదే, రెండు పుస్తకాలు తీసుకపోతున్న.